నిషా దిగినంక మొదలయ్యే విషం
(గ్రామ కమిటీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తాగుడు మంచిదా చెడ్డదా అని చెప్పడానికి నేను లేవలేదు. ఆ సంగతి మన ఆడవాళ్లు నాకన్నా గట్టిగా చెబుతారు. కల్తీ సారా తాగిన మనిషిని ఎట్లా గుర్తుపట్టాలి, ఎంత తొందరగా దవాఖానకు చేర్చాలి, ఈ ఒక్క ముచ్చటే మాట్లాడతా.

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చి పట్టణంలో, కరుణాపురం అనే వాడలో, ప్యాకెట్ సారా తాగినవాళ్లు వరుసగా పడిపోయారు. ఎక్కువ మంది రోజుకూలీలే. మొదటి చావులు సారా వల్ల కాదని జిల్లా అధికారులు చెప్పారు. చావుకు వచ్చినవాళ్లు కూడా కొందరు అదే సారా తాగారు. చివరకు 60 మందికి పైగా పోయారు. తర్వాత కలెక్టర్‌ను బదిలీ చేసి, ఎస్పీని సస్పెండ్ చేశారు. ఆ సారాలో దొరికింది మిథనాల్.

బెల్లం పులియబెట్టి కాచిన గుడుంబలో గానీ, ఆదిలాబాద్ వైపు కాచే ఇప్పపువ్వు సారాలో గానీ నిషా ఇచ్చేది ఇథనాల్. అది ఏళ్ల తరబడి ఒంటిని తింటుంది. మిథనాల్ వేరు. అది థిన్నర్లలో, రసాయనాల ఫ్యాక్టరీల్లో వాడే చవక స్పిరిట్. నీళ్ల లెక్కనే ఉంటది, వాసన కూడా సారా వాసనే. బట్టీ పెట్టే పని లేకుండా డ్రమ్ము తెచ్చి నీళ్లు కలిపి అమ్మేవాడికి అదే లాభం. అగ్గిపుల్ల గీస్తే మండిందంటే మంచి సరుకని మనోళ్లు అంటుంటారు. మిథనాల్ కూడా మండుతుంది. ఆ పరీక్షతో ఏమీ తెలియదు. (కల్లులో కలిపే ఆల్ప్రాజోలం సంగతి వేరు. అది మత్తుమందు, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.)

మిథనాల్ కడుపులో పడగానే చంపదు. దాన్ని మన కాలేయమే మెల్లమెల్లగా ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. చీమ కుట్టినప్పుడు మండేది ఆ జాతి ఆమ్లమే. అది రక్తంలో పేరుకుంటే ఒంట్లోని కణాలు ఊపిరిగాలిని వాడుకోలేవు. కంటి నుంచి మెదడుకు పోయే నరానికి ఎప్పుడూ బలం కావాలె, అందుకే ముందు అదే దెబ్బతింటుంది. కంటిగుడ్డు చూస్తే బాగానే ఉంటుంది, లోపల నరం వాచిపోతుంది. అసలు మిథనాల్ రెండు టీ చెంచాలంత, అంటే 10 మిల్లీలీటర్లు, కొందరి చూపు తీయడానికి చాలు. 30 మిల్లీలీటర్లకు ప్రాణమే పోవచ్చు.

ఆమ్లం తయారవడానికి టైం పడుతుంది గనుక రాత్రి తాగినవాడు పొద్దుగాల బాగానే లేస్తాడు. అసలు జబ్బు మామూలుగా 12 నుంచి 24 గంటల్లో బయటపడుతుంది. మామూలు మందు కూడా కలిపి తాగితే ఇంకా ఆలస్యం. తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి వస్తాయి. అందరూ హ్యాంగోవర్ అనుకుని మజ్జిగ తాగించి పండబెడతారు. ఇక్కడే మోసపోతాం. హ్యాంగోవర్ పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది, ఇది పెరుగుతుంది. కళ్ల ముందు మంచు కురిసినట్టుందనో, పొగ కమ్మిందనో, వెలుతురు చూడలేకపోతున్నాననో మనిషి అంటాడు. పరుగెత్తి వచ్చినోని లెక్క లోతుగా, జోరుగా ఊపిరి తీస్తాడు. ఆ ఊపిరి మొదలైందంటే రక్తం అప్పటికే ఆమ్లమైపోయిందన్నట్టు.

మన ఇళ్లల్లో ఇంకో చిక్కుంది. వాంతులతో పడిన రైతును చూడగానే పురుగుల మందు తాగిండేమో అనుకుంటారు. మోనోక్రోటోఫాస్ లాంటి మందైతే నోట్లో చొంగ కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది. మిథనాల్‌లో పాప పెద్దదై, టార్చి వేసినా సరిగా ముడుచుకోకపోవచ్చు. రెండింటి వైద్యం వేరు. అందుకే ఏం తాగాడో, ఎప్పుడు తాగాడో డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాలి. మిగిలిన సీసా గానీ ప్యాకెట్ గానీ వెంట తీసుకుపోవాలి. పోలీసు కేసు భయంతో ఇంటోళ్లు దాచిన ప్రతి గంట కంటినరం మీద పడుతుంది.

దీనికి విరుగుడు ఉంది. ఫోమెపిజోల్ ఇంజెక్షన్ కాలేయం ఆమ్లం తయారు చేయకుండా ఆపుతుంది. అది లేని చోట డాక్టర్లు ఇథనాల్‌నే లెక్కగట్టి, రక్తపరీక్షలు చూస్తూ ఇస్తారు. ఇది విని ఇంట్లో ఇంకో సీసా పోయకండి, ఏముందో తెలియని మందు మీద మళ్లీ మందు పోసినట్టవుతుంది. ఆమ్లాన్ని విరిచేందుకు సోడియం బైకార్బొనేట్ ఎక్కిస్తారు, విషాన్ని, ఆమ్లాన్ని రెండింటినీ బయటకు తీసేది డయాలసిస్. ఇవన్నీ ఆర్ఎంపీ దగ్గర కావు. గ్లూకోజ్ సీసా పెట్టించుకుంటూ సగం రోజు పోగొట్టొద్దు. 108కి ఫోన్ చేసి, డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికే, కరీంనగర్ సర్కారు దవాఖానకో ఆదిలాబాద్ రిమ్స్‌కో నేరుగా పోవాలి. తొందరగా పోతే చూపు తిరిగొచ్చే అవకాశం ఉంది. నరం ఎండిపోయాక ఏ అద్దాలూ, ఏ ఆపరేషనూ పనిచేయవు.

ఈ పెద్దాసుపత్రుల్లో ఫోమెపిజోల్ ఎప్పుడూ నిల్వ ఉంచాలని మన జిల్లా కమిటీ రాతపూర్వకంగా అడగాలని నా ప్రతిపాదన. ఏజెన్సీ గూడేల నుంచి రాత్రిపూట అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుందో కూడా అడగాలి.

ఇక ఊళ్లో ఒక్కరికి ఇట్లా అయితే, ఆ రోజు అదే చోట తాగినవాళ్లు ఎవరెవరో గ్రామ కమిటీవాళ్లు ఇంటింటికీ తిరిగి కనుక్కోండి. నాకేం కాలేదు అన్నవాణ్ని కూడా బండెక్కించండి. వాడికి ఇంకా టైం కాలేదంతే.