పేరు మారిస్తే సరిపోతుందా? వార్త నుంచి స్క్రీన్‌ప్లే వరకు

ఉదాహరణకి ఒక వార్త అనుకుందాం. చిన్న టౌన్‌లో చీటీలు నడిపిన టీచర్ డబ్బుతో పారిపోయాడు. మోసపోయినవాళ్లు రోజూ వచ్చి ఆయన భార్యని నిలదీస్తున్నారు.

దీన్ని సినిమా చేయాలంటే చాలామంది పేర్లు మార్చి, ముందు ‘ఈ కథ కల్పితం’ అని కార్డు వేస్తారు. అది సరిపోదు. చూసినవాళ్లు ‘ఇది ఫలానా ఆవిడే’ అని గుర్తుపడతారా అన్నదే ప్రశ్న. అదే ఊరు, అదే ఉద్యోగం, ఇద్దరు ఆడపిల్లలు ఉంటే చాలు, పట్టేస్తారు.

అసలు ప్రమాదం ఇప్పుడు చెప్తా. ట్విస్ట్ కోసం ‘భార్యకి ముందే తెలుసు’ అని రాశాం. వార్తలో అది లేదు. ఆవిడని గుర్తుపట్టేలా ఉంచి, చేయని తప్పు అంటగట్టామన్నమాట. పరువు నష్టం కేసు పడొచ్చు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద 2 ఏళ్ల వరకు జైలుశిక్ష ఉంది. కేసు సంగతి పక్కనపెట్టినా, రేపు ఆవిడ ఆ వీధిలోనే తిరగాలి కదా!

అందుకే నేను ముందు, ఆ వార్తలో నన్ను పట్టుకున్నది ఒక్క లైన్‌లో రాసుకుంటా: ‘పారిపోయినవాడి అప్పు ఉండిపోయినవాళ్ల మీద పడింది.’ అది ఉంచి మిగతాదంతా మార్చేస్తా. టీచర్ కూలీల అడ్వాన్స్‌తో మాయమైన మేస్త్రీ అవుతాడు. భార్య స్థానంలో తమ్ముడొస్తాడు. ఇప్పుడు ‘తమ్ముడికి ముందే తెలుసు’ అన్న ట్విస్ట్ ఆవిడకి తగలదు.

చివరగా, ఆ వార్త తెలిసిన ఫ్రెండ్‌కి ఏమీ చెప్పకుండా స్క్రిప్ట్ ఇస్తా. ‘ఇది వాళ్ల కథే కదా’ అన్నాడంటే, ఏ సీన్ దగ్గర అనిపించిందో అడిగి, ఆ సీన్ మళ్లీ రాస్తా.