కౌంటరు ఇవతల నిలబడి చదవగలిగే ధర
(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని పిలిచి, కిరాణా కొట్టులో ధరల చీటీలు ఎలా రాయాలన్న విషయం ఇచ్చారేమిటని పొద్దున కొందరు నవ్వారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, కొనే సరుకు ధర ఎంతో, పరిమాణం ఎంతో తెలుసుకోవడం కొనేవాళ్ళ హక్కు అంటోంది. ఆ హక్కు అమల్లోకి వచ్చేదీ రానిదీ తేలేది కొట్టులో అర వెనక అంటించిన అట్టముక్క మీదే. పైగా ఇవాళ మన సంఘాలు చాలాచోట్ల తామే కొట్లు నడుపుతున్నాయి. అంటే ఈసారి అడిగేదీ మనమే, జవాబు చెప్పవలసిందీ మనమే.

నేను చెప్పబోయేది ఒక్క కొట్టు సంగతి. మండల కేంద్రంలో పొదుపు సంఘం నడుపుతున్న చిన్న కొట్టు. ముందు బల్ల, దాని వెనక కూర్చునే మనిషి, ఆమె వెనక గోడకి అరలు. కొనేవాళ్ళు బల్లకి ఇవతలే ఉంటారు, లోపలికి రారు. పట్నంలో పెద్ద దుకాణాల్లో మనమే అర దగ్గరికి వెళ్ళి, సరుకు చేతిలోకి తీసుకుని చూస్తాం. కాబట్టి వాళ్ళు అర అంచుకి అంటించే వేలెడు చీటీ వాళ్ళకి సరిపోతుంది. అదే చీటీ మన కొట్టులో పెడితే, బల్ల ఇవతల నుంచి తెల్లకాగితం ఉన్నట్టు తెలుస్తుంది, అంతే.

అందుకని మొదట కొలవవలసింది దూరం. బోర్డులు రాసేవాళ్ళు వాడే ఒక మోటులెక్క ఉంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. మన కొట్టులో కొనేమనిషి కంటికీ అరకీ మధ్య ఆరడుగులు. అంటే అంకె ఎత్తు 0.6 అంగుళం, అంటే ఒకటిన్నర సెంటీమీటరు ఉండాలి. ఇది చూపు బాగున్నవాళ్ళకి. మన దగ్గరికి వచ్చేవాళ్ళలో శుక్లాలు ముదిరినా ఆపరేషన్ వాయిదా వేసుకున్న పెద్దమ్మలు తక్కువేం కాదు. వాళ్ళకోసం అంకెని అంగుళం చేశాం. అక్షరాలు దానిలో సగం చాలు. ఎందుకంటే సరుకు కళ్ళ ఎదుటే ఉంది, కందిపప్పుని కందిపప్పు అని చదివితేగాని గుర్తుపట్టని మనిషి ఎవరూ లేరు. తెలియనిది ధర, అంతే. చాలా కొట్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. సరుకు పేరు రంగురంగుల్లో పెద్దగా, ధర మూలన చిన్నగా.

అక్షరాలు రాని ఆడవాళ్ళు కూడా అంకెలు గుర్తుపడతారు. బస్సు నంబరు, ఫోను మీటలు, నోటు మీద విలువ, ఇవన్నీ రోజూ చూసేవే. అందుకే 1, 2, 3 అనే మామూలు అంకెలే వాడాం. తెలుగు అంకెలు వాడదామని ఒక చదువుకున్న మిత్రుడు పట్టుబట్టాడు. భాషాభిమానం మంచిదే కానీ, ఆ అంకెలు చదవలేక ఆయనే తడబడ్డాడు.

రాసే పద్ధతిలో చిక్కులు కొన్ని ఉన్నాయి. మొదటిది చుక్క. 16.50 అని మార్కరుతో రాస్తే ఆరడుగుల దూరంలో చుక్క మాయమవుతుంది, 1650 మిగులుతుంది. రూపాయల అంకె పెద్దగా రాసి, పైసలు దాని పక్కన పైకి, సగం ఎత్తులో రాసి కింద గీత గీస్తే ఈ చిక్కు పోతుంది. రెండవది 1, 7. చేత్తో రాసే ఒకటికి పైన కొక్కెం పెట్టడం చాలామందికి అలవాటు, అది ఏడులాగా ఉంటుంది. ఒకటిని నిలువు గీతగా మాత్రమే రాయాలి. మూడవది మెరుపు. చీటీ మాసిపోకుండా ప్లాస్టిక్ టేపు అంటిస్తారు. ట్యూబులైటు దాని మీద పడితే నిలబడ్డ చోటు నుంచి తెల్లని మచ్చే తప్ప ఏమీ కనిపించదు. డ్రాయింగు షీటు అట్టని పోస్టుకార్డంత కత్తిరించి, టేపు లేకుండా నల్ల మార్కరుతో రాయడమే నయం. మాసిపోతే ఇంకోటి రాసుకుంటాం. కింది అర చీటీలని మాత్రం పైకి వాలేటట్టు పెట్టాలి, లేకపోతే అవి నేలని చూస్తుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి, పరిమాణం. కందిపప్పు కిలో 160 రూపాయలు అనుకుందాం. కిలో ధర రాసి ఊరుకుంటే అది కిలో కొనగలిగిన మనిషికి రాసిన చీటీ. మన దగ్గర ఎక్కువమంది పావుకిలో కొంటారు, లేదా పది రూపాయలకి అడుగుతారు. కాబట్టి ఆ అట్ట మీద మూడు వరసలు రాశాం: కిలో 160, పావు కిలో 40, 100 గ్రాములు 16. కింద, 10 రూపాయలకు 62 గ్రాములు. 0.250 కి.గ్రా. అని రాస్తే ఎవరికీ ఏమీ కాదు, పావు అంటేనే అర్థం. పది రూపాయల వరస రాయడానికి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ‘అట్లా రాస్తే ప్రతి ఒక్కరూ గ్రాముల లెక్క అడుగుతారు’ అన్నారు. అడగాలనే కదా రాసింది! కానీ వాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది. వాళ్ళ ఎలక్ట్రానిక్ కాటా అయిదేసి గ్రాములు మాత్రమే చూపిస్తుంది. 62 తూచడం దానివల్ల కాదు. కాబట్టి 65 అని రాసి, 65 తూచి ఇవ్వడం మొదలుపెట్టారు. సంఘానికి కొంచెం నష్టం, కానీ చీటీలో ఉన్నదీ కాటాలో కనిపించేదీ ఒకటే. కాటా అంకెలు కొనేవాళ్ళ వైపుకి తిరిగి ఉండకపోతే ఈ వరసకి విలువ లేదని వేరే చెప్పాలా?

ప్యాకెట్ సరుకుల దగ్గర 100 గ్రాముల ధరకి ఇంకో పని ఉంది. 2021లో ప్యాకెట్ సరుకుల నిబంధనలు సవరించారు. అంతకుముందు నూనె, టీపొడి, బిస్కట్ల వంటి కొన్ని సరుకులకి ఇన్ని గ్రాముల ప్యాకెట్లే ఉండాలన్న పట్టిక ఉండేది. దాన్ని తీసేసి, దాని బదులు యూనిట్ ధర ముద్రించాలన్నారు. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకి ఇంత, కిలో దాటితే కిలోకి ఇంత. ఉద్దేశం మంచిదే. కానీ గ్రాముకి 0.16 రూపాయలు అని ప్యాకెట్ అంచున చీమతలంత అక్షరాల్లో ఉంటే దాన్ని ఎవరు పోల్చి చూస్తారు? మన చీటీ మీద దాన్నే 100 గ్రాములకి మార్చి రాస్తే చదవదగ్గ అంకె అవుతుంది.

నూనె సంగతి చూడండి. పక్కపక్కన రెండు ప్యాకెట్లు. ఒకటి లీటరు, 150 రూపాయలు. రెండవది 850 గ్రాములు, 144 రూపాయలు. రెండూ చూడడానికి ఒకే పొడుగు. ఆరు రూపాయలు తక్కువ కదా అని చేయి రెండవ దాని మీదకే పోతుంది. కానీ లీటరు నూనె కిలో బరువుండదు, దాదాపు 910 గ్రాములుంటుంది, ఆ సంగతి ప్యాకెట్ మీదే రాసుంటుంది. 150ని 910తో భాగించి వందతో గుణిస్తే 100 గ్రాములకి 16 రూపాయల 48 పైసలు. 144ని 850తో అలాగే చేస్తే 16 రూపాయల 94 పైసలు. తక్కువ ధర ఉన్న ప్యాకెట్టే ఎక్కువ ధర పలుకుతోంది. ఇక్కడ జాగ్రత్తగా ఉండవలసింది ఒకటే: ఒక ప్యాకెట్‌కి మిల్లీలీటర్లలో, పక్క ప్యాకెట్‌కి గ్రాముల్లో రాస్తే చీటీ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. పక్కపక్క సరుకులకి ఒకటే కొలత ఉండాలి.

చిన్న ప్యాకెట్ ఎప్పుడూ ఖరీదే అని మనవాళ్ళు ఉపన్యాసాల్లో అంటుంటారు. ఎప్పుడూ కాదు. రెండు రూపాయల షాంపూ సాచెట్‌లో 6 మిల్లీలీటర్లుంటే, ముప్ఫై సాచెట్లు అరవై రూపాయలకి 180 మిల్లీలీటర్లు వస్తాయి. అదే 180 మిల్లీలీటర్ల సీసా 130 రూపాయలుంటే, సాచెట్ కొనే మనిషే తెలివైనది. ఆమెకి పొదుపు తెలియదని బోధించబోయే ముందు చీటీ రాసి చూడండి.

చట్టం విషయంలో గుర్తుపెట్టుకోవలసింది కొద్దిగానే ఉంది. ప్యాకెట్ మీద ముద్రించిన ఎం.ఆర్.పి.లో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానికి మించి పైసా తీసుకోకూడదు. ఫ్రిజ్‌లో పెట్టామని పాలప్యాకెట్ మీద రూపాయి వేసుకోవడం కూడా తప్పే. తగ్గించి అమ్మవచ్చు. కానీ మన ధర స్టిక్కరు ఆ ముద్రించిన ధరని కప్పకూడదు, కొట్టివేయకూడదు. అందుకే మేం ధర అర మీదే రాశాం, ప్యాకెట్ మీద ఏమీ అంటించలేదు. ఎక్కువ తీసుకున్న కొట్టు మీద 1915 నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. మన కొట్టు మీద కూడా.

చీటీలు పాడయ్యేది రాతలో కంటే మార్పులో. పప్పులూ నూనెలూ ధర నిలవవు. ఒక సోమవారం కందిపప్పు 168 అయింది, చీటీ 160 దగ్గరే ఉండిపోయింది. ఒక పెద్దమ్మ, ‘ఏమ్మా, పావు కిలో నలభై అని రాసిపెట్టి నలభై రెండు అడుగుతావేం?’ అంది. బల్ల దగ్గరున్న అమ్మాయి రాయడం మరిచిపోయామని చెప్పినా ఆమె నమ్మలేదు. సాయంత్రానికల్లా ఆ అమ్మాయి రెండు రూపాయలు జేబులో వేసుకుంటోందన్న మాట వీధంతా పాకింది. రెండు రూపాయల తేడా, కానీ మాట పడింది రోజుకూలికి కూర్చున్న పిల్ల. ఆ తర్వాత సంఘం రెండు పనులు చేసింది. చీటీకీ బిల్లుకీ తేడా వస్తే తక్కువ ఉన్నదే తీసుకోవాలని తీర్మానం రాసి, అది బల్ల మీద అంటించింది. నష్టం సంఘం ఖాతాలో పడుతుంది, అమ్మాయి కూలిలో కాదు. రెండవది, సరుకు పేరు, వరసలు ఉన్న అట్ట అలాగే ఉంచి, అంకెలకి మాత్రం చిన్న చిన్న ముక్కలు చేసి, అట్టకి కోసిన గాట్లలో గుచ్చేటట్టు మార్చారు. కొత్త సరుకు దించుకున్న మనిషే, దించుకున్న రోజే ముక్కలు మార్చి, అట్ట మూలన తేదీ వేయాలి. తేదీ పాతబడితే కొనేవాళ్ళే అడుగుతున్నారు.

రాయడం అయ్యాక పరీక్ష ఒకటుంది. ‘అమ్మా, కనిపిస్తోందా?’ అని అడిగితే అందరూ కనిపిస్తోందనే అంటారు, మర్యాదకి. అలా అడగవద్దు. బల్ల ఇవతల నిలబెట్టి, ‘శనగపప్పు పావు ఎంత? రెండు నూనెల్లో ఏది చవక?’ అని అడగండి. అయిదారుగురిని అడిగితే ఏ చీటీ తప్పు చదువుతున్నారో తెలిసిపోతుంది. పొద్దున ఒకసారి, దీపాలు వెలిగాక ఒకసారి అడగాలి. మా కొట్టులో పసుపు అట్ట మీద ఎర్ర మార్కరుతో రాసినవి పగలు బాగానే ఉండి, రాత్రి మాసినట్టయ్యాయి. నలుపుకి మార్చారు.

బియ్యం బస్తాల సంగతి ఒకటి మిగిలింది. 2022 జూలైలో, ముందే కట్టి లేబుల్ వేసిన బియ్యానికి 25 కిలోల వరకు 5 శాతం జి.ఎస్.టి. వేశారు. ఆ తర్వాత మన బజార్లలో 26 కిలోల బస్తాలు కనిపిస్తున్నాయి. 25 కిలోల బస్తా 1400, పక్కన 26 కిలోలది 1430 అని ఉంటే ఏది చవక? మొదటిది కిలో 56, రెండవది కిలో 55. బస్తా మీద పెద్దగా కనబడేది బ్రాండు బొమ్మ. ఆ రెండు కిలో ధరలూ అరచేతి వెడల్పు అట్టల మీద రాసి, బస్తాల మూతులకి తాడుతో కట్టించాం.