మూడు రోజులు మోషన్ కాకపోతే ఊరుకోవద్దు

మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెబుతాం. ఆ ఇంటివాళ్లు చెప్పమన్నారు కాబట్టే చెబుతున్నాం.

మా సంఘంలో ఒక అక్క కొడుక్కి మానసిక జబ్బు. ఎవరో మాట్లాడుతున్నట్టు చెవుల్లో వినపడేది. రెండు రకాల మందులు వాడినా తగ్గకపోతే డాక్టరు గారు క్లోజపిన్ బిళ్లలు రాశారు. అబ్బాయి కుదుటపడి పనికి కూడా పోతున్నాడు. ఈ మందుతో తెల్ల రక్తకణాలు పడిపోవచ్చని మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేస్తారు. అక్క ఒక్కటీ తప్పించలేదు. భయమంతా రక్తం గురించే అనుకున్నాం, కడుపు సంగతి ఎవరమూ అడగలేదు.

ఒకసారి నాలుగు రోజులు అబ్బాయికి మోషన్ కాలేదు. తను ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు కొంచెం నీళ్లలాగా అయ్యింది. అక్క అది విరేచనాలనుకొని మజ్జిగన్నం పెట్టింది. నిజానికి గట్టిపడ్డ మలం లోపలే అడ్డం పడి, దాని పక్కనుంచి నీరు జారింది. రాత్రికి పొట్ట డప్పులా బిగిసింది, వాంతులయ్యాయి, గాలి కూడా పోలేదు. 108లో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎక్స్‌రే తీసి, పేగులు కదలక మలం నిండిపోయిందన్నారు. సమయానికి పోయారు కాబట్టి బతికాడు. ఇంకా ఆలస్యమైతే పేగు కుళ్లి ప్రాణం పోయేదట.

ఈ మందు పేగుల కదలికనే మందగింపజేస్తుంది. చేతుల వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ కూడా తోడైతే ఇంకా ఎక్కువ. అందుకే నీళ్లు, ఆకుకూరలు మంచివే గానీ అవే చాలవు. ఇసబ్గోల్ పొట్టు మనంతట మనం వేయకూడదు. కదలని పేగులో అది ఉబ్బి ఇంకా అడ్డం పడవచ్చు. మోషన్ సాఫీగా అయ్యే మందు డాక్టరు గారినే అడగాలి.

ఆ అక్క ఇప్పుడు క్యాలెండర్‌లో మోషన్ అయిన రోజు గీత పెడుతుంది. మామూలుకంటే తగ్గినా, గట్టిగా ముక్కాల్సి వచ్చినా డాక్టరుకు చెబుతుంది. మూడు రోజులు గీత లేకపోతే ఆ రోజే చూపిస్తుంది. కడుపునొప్పి, పొట్ట ఉబ్బి బిగియడం, వాంతి, గాలి పోకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. మందుల చీటీ తీసుకొని వెంటనే ఆసుపత్రికి పోవాలి. క్లోజపిన్ వాడుతున్నాడని ముందే చెప్పాలి.

భయపడి బిళ్లలు మనమే ఆపేయకూడదు, జబ్బు తిరగబెడుతుంది. రెండు రోజులకు మించి ఆగితే పాత మోతాదు ఒక్కసారిగా వేయకూడదు, డాక్టరునే అడగాలి.

ఎదిగిన కొడుకును మోషన్ అయ్యిందా అని అడగడానికి ఆ అక్క మొదట సిగ్గుపడింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే అడుగుతుంది. మీ ఇళ్లలో ఈ మందు వాడేవాళ్లుంటే మీరూ అడగండి. సెలవు.