ఉద్దెర అంటే అప్పు కాదు
దుకాణదారుల మాటల్లోంచి కోవలు తీయడం గురించి

(చిన్న దుకాణదారులతో ఇంటర్వ్యూలు చేస్తున్న కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్వ్యూలు చేయడం మనకు కొత్తేమీ కాదు. చేసిన తర్వాత ఆ కాగితాల కట్టను ఏం చేయాలన్నదే అసలు సమస్య. చాలాసార్లు మన రిపోర్టుకు శీర్షికలు ముందే సిద్ధంగా ఉంటాయి: ఆదాయం, అప్పులు, నిర్ణయాధికారం, సాధికారత. ఎవరేం చెప్పినా ఆ అరల్లో సర్దుతాం. అరల్లో పట్టనిది మిగిలిపోతుంది. ఆ మిగిలిపోయినదాన్ని పోగొట్టుకోకుండా పనిచేసే పద్ధతి గురించి ఈ రోజు మాట్లాడతాను. పాలకుర్తిలో కొందరు చిన్న దుకాణదారులతో మేం జరిపిన సంభాషణల్లోంచి ఒక్క విషయాన్నే, ఉద్దెరనే, తీసుకుంటాను.

ఈ పద్ధతి పేరు గ్రౌండెడ్ థియరీ. బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు, ఆస్పత్రుల్లో మరణానికి దగ్గరగా ఉన్న రోగుల మీద చేసిన పరిశోధనలోంచి దీన్ని రూపొందించి, 1967లో పుస్తకంగా రాశారు. వాళ్లు చెప్పింది స్థూలంగా ఇది: సిద్ధాంతాన్ని చేతిలో పట్టుకుని దానికి ఉదాహరణలు వెతకొద్దు. సేకరించిన మాటల్లోంచే భావనలను పైకి తీయండి. తర్వాత ఈ ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది. స్ట్రాస్, జూలియెట్ కార్బిన్‌తో కలిసి 1990లో ప్రచురించిన పద్ధతుల పుస్తకం, ముందే తయారైన చట్రాన్ని సమాచారం మీద రుద్దుతోందని గ్లేసర్ 1992లో తీవ్రంగా విమర్శించాడు. పైకి రావడం వేరు, బలవంతంగా రుద్దడం వేరు అన్నది ఆయన వాదన. నా ప్రసంగమంతా ఈ తేడా గురించే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంగ్లీషులో కేటగిరీ అనేదాన్ని తెలుగులో వర్గం అంటే మన ఉద్యమాల్లో దానికి వేరే అర్థం వస్తుంది. అందుకని నేను కోవ అంటాను.

పాలకుర్తికి వెళ్లేవాళ్ల తలలో అప్పటికే కొన్ని సిద్ధాంతాలు ఉంటాయి. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోను, 2016 నుంచి జనగామ జిల్లాలోను ఉన్న ఈ ఊరి పేరు వినగానే మనకు చాకలి ఐలమ్మ గుర్తొస్తుంది. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ఆమె తన పంటనూ భూమినీ నిలబెట్టుకున్న పోరాటం గుర్తొస్తుంది. ఇక అప్పు అనే మాట వినగానే 2010 గుర్తొస్తుంది. మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల వేధింపుల మీద ఆ ఏడాది అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఈ రెండూ నిజాలే. కానీ వీటిని కళ్లద్దాలుగా పెట్టుకుని కిరాణ దుకాణానికి వెళ్తే, ఉద్దెర ఇచ్చేవాళ్లంతా దోచుకునేవాళ్లుగానూ, తీసుకునేవాళ్లంతా బాధితులుగానూ కనబడతారు. ఇంటర్వ్యూ చేయకముందే ముగింపు రాసేసినట్టవుతుంది.

బలవంతం మొదలయ్యే చోటు సిద్ధాంతం కూడా కాదు, మనం రాసుకునే భాష. దుకాణదారులు మూడు మాటలు వాడారు. వడ్డీకి తెచ్చింది అప్పు. వడ్డీ లేకుండా, తెలిసినవాళ్ల దగ్గర నాలుగు రోజులకు తీసుకున్నది చేబదులు. సరుకు తీసుకుపోయి పైసలు తర్వాత ఇచ్చేది ఉద్దెర. మనం టేపు విని రాసేటప్పుడు మూడింటినీ “రుణం” అని శుభ్రమైన తెలుగులోకి మార్చేస్తే, వాళ్లు జాగ్రత్తగా విడదీసినదాన్ని మనం కలిపేసినట్టే. ఆ తర్వాత ఎంత విశ్లేషించినా ఆ తేడా తిరిగి రాదు. కనుక మొదటి నియమం: మాట ఎలా పలికితే అలాగే రాయండి.

రెండో మెట్టు, వాక్యం వెంట వాక్యం చదువుతూ పక్కన చిన్న పేరు రాయడం. దీన్నే కోడింగ్ అంటారు. ఆ పేరు ఒక పనిని చెప్పాలి, గుణాన్ని కాదు. కిరాణ దుకాణం నడిపే ఒకామె అన్నది వినండి:

“లేదంటె పోతడు, ఇస్తె రాడు. పైసలు బాకీ పడ్డడనుకో, మన ముంగటికెల్లే పోడు అక్కా, వెనక గల్లీలకెల్లి పోతడు. అందుకే నలుగుర్ల అడుగ. ఉన్నకాడికి ఇయ్యి, మిగిలింది పత్తి అమ్మినంక ఇయ్యి అంట.”

ఇక్కడ “బాకీల భారం” అని రాయడం చాలా తేలిక. కానీ ఆ పేరు ఈ వాక్యాలు లేకుండానే రాయొచ్చు. పక్కన మేం రాసుకున్నవి ఇవి: కాదంటే ఏమవుతుందో, ఇస్తే ఏమవుతుందో తూచడం. మొహం చాటేయడాన్ని కనిపెట్టడం. నలుగురిలో అడగకపోవడం. కొంత తీసుకుని దారి తెరిచి ఉంచడం. గడువును పంటకు కట్టడం. ఇవన్నీ ఆమె చేస్తున్న పనులు. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే, ఆమె బెంగ బాకీ గురించి మాత్రమే కాదని తెలుస్తుంది. బాకీ పడిన మనిషి రావడం మానేస్తాడన్నది ఆమె బెంగ.

మూడో మెట్టు పోలిక. ఒక సంఘటనను ఇంకో సంఘటనతో పోలుస్తూ పోవాలి. గాజులు, బొట్టుబిళ్లలు అమ్మే ఆమె, ఇవ్వదలచుకోని వాళ్లకు ఇవ్వనని చెప్పదు, “ఆ సైజు అయిపోయినయ్” అంటుంది. ఇదీ మనిషి రాక తెగకుండా చూసుకోవడమే. చాయ్ దుకాణం ఆయన తెలిసినవాళ్లకు గోడ మీద గీతలు పెట్టి లెక్క ఉంచుతాడు, బస్సు దిగి వచ్చేవాళ్లకు మాత్రం రొక్కమే. శివరాత్రికి సోమేశ్వరస్వామి గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఆయనకు ఉద్దెర అనే ప్రశ్నే లేదు. కొన్నవాళ్లు మళ్లీ రారు. ఈ చివరి మాట మాకు చాలా ఉపయోగపడింది. మళ్లీ వచ్చే మనిషి లేని చోట ఈ పనులేవీ లేవు. కోవకు ఒక హద్దు దొరికింది. దానికి మేం పెట్టుకున్న పేరు: రాక తెగకుండా చూసుకోవడం. ఎప్పుడు, ఎవరితో, ఎంతవరకు అన్నవి దాని లక్షణాలు. తోచినప్పుడల్లా ఈ ఆలోచనలను తేదీ వేసి విడి కాగితం మీద రాసుకోవాలి. దీన్ని మెమో అంటారు. మన పాత సిద్ధాంతాలకు కూడా ఒక మెమో రాసి పక్కన పెట్టొచ్చు. తలలో ఉన్నవి లేవని నటించనక్కరలేదు. కానీ కోవలు నిలబడిన తర్వాతే వాటిని పిలవాలి.

ఇప్పుడు అరల్లో పట్టనిదాని దగ్గరికి వస్తాను. కిరాణ దుకాణం ఆమె పుస్తకం చూపిస్తూ, కొందరి లెక్క అందులో ఉండదంది. ఎందుకని అడిగితే చెప్పింది:

“పుస్తకం మా ఆయన సూస్తడు. ఆయన నోట్లె మాట ఆగదు. గా పిల్ల పుట్టింటికి పోయేటప్పుడు బిస్కట్లు, సబ్బులు కొంటపోతది. ఇంట్ల తెలిస్తె లొల్లి. గందుకే రాయ. నాకు యాదికుంటది. చేతికి వచ్చినప్పుడు పదో ఇరువయ్యో ఇస్తది, గల్లల ఏస్త.”

దీన్ని ఏ శీర్షిక కింద పెడతారు? “అప్పులు” కింద పెడితే లెక్కే లేదు. “సాధికారత” కింద పెడితే ఎవరి సాధికారత? మేం ఆమె మాటనే పేరుగా తీసుకున్నాం: రాయని ఉద్దెర. ఇంటి లోపల తన ఖర్చుకు సంజాయిషీ చెప్పుకోవలసిన స్త్రీకి, బయట ఇంకో స్త్రీ జ్ఞాపకంలో ఒక ఖాతా ఉంది. ముందు కోవతో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ గిరాకీ కాపాడుకుంటున్నారు, ఇక్కడ ఒక రహస్యాన్ని కాపాడుతున్నారు.

నాలుగో మెట్టు, తర్వాత ఎవరితో మాట్లాడాలో ఈ కోవే చెబుతుంది. ఇరవైమందిని ముందే జాబితా రాసుకుని వరసగా కలవడం కాదు. రాయని ఉద్దెర ఏ పరిస్థితుల్లో నిలుస్తుంది, ఎక్కడ నిలవదు? ఆమె మాటలోనే జవాబు ఉంది: గల్ల తన చేతిలో ఉండాలి. అయితే గల్ల చేతిలో లేని స్త్రీని వెతకాలి. అలా ఇంకో దుకాణంలో కూర్చునే ఆమెను కలిశాం. అక్కడ ఫోన్‌తో డబ్బు కట్టడానికి స్కానర్ అతికించి ఉంది. డబ్బు ఆమె కొడుకు ఖాతాలోకి పోతుంది. “ఎవరు ఎంత కొట్టిన్రో పేరుతోని సహా వానికి తెలుస్తది. ఇగ దాసుడేముంది?” అంది ఆమె. రొక్కం తెచ్చేవాళ్ల విషయంలో ఇంకా మాట కాపాడగలుగుతున్నానని కూడా చెప్పింది.

దీనిలోంచి ఒక ఊహ పుడుతుంది: వసూలు మార్గం స్త్రీ చేతిలోంచి జారితే, రాయని ఉద్దెర కూడా జారుతుంది. ఇది ఊహ మాత్రమే. స్కానర్ తన సొంత ఖాతాకే ఉన్న స్త్రీ దగ్గర ఏం జరుగుతోందో చూడాలి. అక్కడ కూడా రాయని ఉద్దెర తగ్గుతూ ఉంటే కారణం మనం అనుకున్నది కాదు. కొత్త సంభాషణలు కోవకు కొత్త లక్షణాన్ని ఏదీ చేర్చని దాకా ఇలా వెళ్తూ ఉండాలి. మేం అక్కడి దాకా ఇంకా రాలేదు.

మనం రుద్దుతున్నామో లేదో ఎలా తెలుస్తుంది? మూడు గుర్తులు చెబుతాను. పక్కన రాసిన పేరు ఆ ఊరికి పోకుండానే రాయగలిగినదైతే అనుమానించండి. ఒక్క వాక్యం కూడా ఎదురు తిరగకుండా అన్నీ మన కోవలో ఒదిగిపోతుంటే మరీ అనుమానించండి. మనం ప్రశ్నలో వాడిన మాటే జవాబులో తిరిగి వచ్చి కోవ అయితే, అది ఆమె మాట కాదు, మనదే. “ఉద్దెర వల్ల మీకేం ఇబ్బందులు?” అని అడిగితే ఇబ్బందులే వస్తాయి. “మొన్న ఎవరన్నా ఉద్దెర అడిగిన్రా? అప్పుడేం చేసినవ్?” అని అడిగితే పని వస్తుంది.

దీని పరిమితి కూడా చెప్పాలి. ఈ కొద్ది సంభాషణలతో పాలకుర్తిలో ఎంతమంది రాయని ఉద్దెర ఇస్తారో చెప్పలేం. అది సర్వే చేయాల్సిన పని. ఏమి అడగాలో ఆ సర్వేకు చెప్పడం మాత్రం ఈ పద్ధతి చేయగలదు. పుస్తకంలోని బాకీలనే లెక్కపెట్టే సర్వేకు ఈ ఖాతా ఎన్నటికీ కనబడదు.

చివరిగా, హక్కుల కోసం పనిచేసేవాళ్లుగా మన మీద ఉన్న బాధ్యత. ఆ దుకాణదారు ఎవరి పేరూ పుస్తకంలో రాయకుండా కాపాడింది. మన రిపోర్టులో ఆ గల్లీ, ఆ దుకాణం గుర్తులు, ఆ పిల్ల పుట్టిన ఊరు రాస్తే, ఆమె రాయనిది మనం రాసినట్టవుతుంది. అందుకే నేను ఇక్కడ చెప్పినవాటిలో గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను. మీ టేపులు, కాగితాలు కూడా ఎవరి చేతికి పోతాయో ముందే నిర్ణయించుకోండి. వచ్చే నెల మీరు మళ్లీ దుకాణాలకు వెళ్తున్నారు. స్కానర్ తన ఖాతాకే ఉన్న స్త్రీలు ఎవరైనా తగిలితే, వాళ్లను సాధికారత గురించి అడగకండి. నిన్న సాయంత్రం గల్లకు ఎవరెవరు వచ్చారో, వాళ్లతో తను ఏం మాట్లాడిందో అడగండి.