అమ్మకానికి కందిపొడి

అరవై దాటినా ఒంట్లో ఓపిక ఉండి, నలభై ఏళ్ళు వంటిల్లు నడిపిన గృహిణి ఏ వ్యాపారం మొదలుపెట్టవచ్చని అడిగితే, నేను ముందుగా కందిపొడి పేరు చెబుతాను. ఆవకాయకు మామిడికాయల కాలం రావాలి, వడియాలకు ఎండ కాయాలి. పొడికి ఏ నెలైనా ఒకటే. పైగా మా బళ్ళారి వైపు కన్నడంవారి ఇళ్ళలో చట్నీపుడి ఎప్పుడూ ఉండేదే కనుక, పొడి కొనడానికి వాళ్ళూ వెనకాడరు.

వండటం ఆమెకు తెలుసు. తెలియనిది ధర కట్టడం. మా వీధిలో అరవై మూడేళ్ళ పిన్నిగారి లెక్కే చూద్దాం. కిలో కందిపప్పు 160 రూపాయలు. ఎండుమిరప, జీలకర్ర, ఉప్పు కలిపి 44. గ్యాసు, కరెంటు 30. అన్నీ వేయించి దంచితే సుమారు కిలో వంద గ్రాముల పొడి, అంటే వంద గ్రాముల పొట్లాలు పదకొండు. వాటి కవర్లకు, చీటీలకు 44. మొత్తం 278. పొట్లం 50కి అమ్మితే 550 వస్తుంది. "సగానికి సగం లాభమే మాస్టారూ!" అన్నారావిడ.

"మరి మీ మూడు గంటల కూలి ఎక్కడ పిన్నిగారూ?" అన్నాను. గంటకు అరవై చొప్పున 180 కలిపితే ఖర్చు 458. మిగిలేది 92. కొట్టులో పెడితే షావుకారు నూటికి ఇరవై పట్టుకుంటాడు, చేతికి 440 వస్తుంది. అంటే కూలి కూడా పూర్తిగా గిట్టదు. అందుకే ఆవిడ కొట్టుకు ఇవ్వడం మాని, తెలిసిన ఇళ్ళకే నేరుగా ఇస్తున్నారు. కొట్టులోనే పెట్టాలంటే ధర పెంచక తప్పదు.

ఇక సరుకు చెడే చోటు ఒకటుంది. పప్పు సన్నని సెగ మీద లోపలిదాకా వేగాలి. పలుకు కొరికితే కరకరలాడాలి, లోపల పచ్చిదనం ఉండకూడదు. ఉప్పునూ వేడిచేసి తేమ పోగొట్టాలి. వేడి పూర్తిగా చల్లారకముందే పొడి కొట్టి కవర్లో పోస్తే లోపలివైపు ఆవిరి పట్టి, నాలుగు రోజులకే ఉండలు కడుతుంది. వెల్లుల్లి ఇంట్లోకి బాగుంటుంది గానీ, అమ్మే పొడిలో పచ్చిది వేస్తే తడి చేరి నిలవ తగ్గుతుంది. ఒకేసారి రెండు కిలోలకు మించి వద్దు, మూకుడులో సమంగా వేగదు.

ఎన్నాళ్ళు నిలవుంటుందో ఊహించి చీటీ మీద రాయకండి. ప్రతి వాయి నుంచి ఒక పొట్లం తీసి, తేదీ వేసి పక్కన పెట్టి, వారం వారం వాసన, రుచి చూడండి. పిన్నిగారి పొడి ఏడో వారానికి కమ్మదనం పోయి ముక్కవాసన వేసింది. అందుకని ఆవిడ చీటీ మీద నెల రోజులనే రాస్తారు.

ఇంట్లో చేసి అమ్మినా 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం నమోదు చేయించుకోవాలి. చిన్న తయారీదారుల నమోదు కష్టమేమీ కాదు. ఆ నంబరు, చేసిన తేదీ, తూకం, అందులో వేసిన దినుసులు, చిరునామా చీటీ మీద ఉండాలి. దినుసుల పేర్లు కన్నడంలోనూ వేయించండి. పిన్నిగారి పొట్లాలు ఎక్కువగా కొనేది పక్క వీధి కన్నడంవారే.