పైథాన్ తాళం ఎక్కడ అడ్డు, ఎక్కడ కాదు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని 20 మండలాల వాన లెక్కలను నెట్ నుంచి తెచ్చే పైథాన్ ప్రోగ్రాం ఒకటి రాశారనుకుందాం. ఒక్కో మండలానికి సర్వర్ జవాబు రావడానికి సెకను పడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి అడిగితే 20 సెకన్లు. పది థ్రెడ్లు పెడితే రెండు సెకన్ల చిల్లరలో పని అయిపోతుంది.

అదే కంప్యూటర్‌లో, పదేసి సెకన్లు పట్టే నాలుగు పెద్ద లెక్కలను నాలుగు థ్రెడ్లకు అప్పగించండి. ప్రాసెసర్‌లో నాలుగు కోర్లున్నా 40 సెకన్లకు తగ్గదు. ఒక్కోసారి కాస్త ఎక్కువే.

కారణం పైథాన్ లోపలి గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్. ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే ఆ థ్రెడ్డే పైథాన్ కోడ్ నడపగలదు. లెక్క చేసే థ్రెడ్లు నాలుగూ దానికోసం పోటీపడతాయి. సుమారు 5 మిల్లీసెకన్లకోసారి చేతులు మారుతుందంతే. సర్వర్ జవాబు కోసం కూర్చున్న థ్రెడ్ మాత్రం తాళంచెవిని ముందే వదిలేస్తుంది, కనుక ఎదురుచూపులన్నీ ఒకేసారి సాగుతాయి.

అనుమానముంటే లినక్స్‌లో `top` చూడండి. నాలుగు థ్రెడ్లు లెక్క చేస్తున్నా సీపీయూ వాడకం 100 శాతం దగ్గరే ఆగితే, అడ్డు ఈ తాళమే కావచ్చు. అప్పుడు మల్టీప్రాసెసింగ్ వాడాలి. ప్రతి ప్రాసెస్‌కూ తన తాళం తనకుంటుంది. అయితే డేటాను అటూఇటూ మోయడానికి కొంత సమయం పోతుంది, చిన్న లెక్కలకు అది దండగ.

2024 అక్టోబరులో వచ్చిన 3.13 నుంచి తాళం లేని పైథాన్ కూడా విడిగా దొరుకుతోంది. మామూలుగా మనం ఇన్‌స్టాల్ చేసుకునేది మాత్రం తాళం ఉన్నదే.