ఉత్తర్వు ఫొటోను ఉన్నదున్నట్లు ఎత్తిరాయడం



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి వచ్చిన మీలో పలువురు మనోవర్తి కేసులలో మన ఆడబిడ్డలకు తోడుగా నిలుస్తున్నవారే. భర్త గల్ఫ్‌లో ఉంటాడు; కోర్టు ఉత్తర్వు ఆమె ఫోనులో ఫొటోగా మాత్రమే ఉంటుంది. దానిని ఎత్తిరాసి వకీలు సాహెబుకు అందించే పని మీపై పడుతుంది. అక్కడ ఒక్క అంకె తప్పినా వకీలు వెతికేది వేరొకరి కేసు అవుతుంది.

మన తెలంగాణ నుండే సుప్రీంకోర్టుకు చేరిన ఒక కేసును చూద్దాం. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ సైతం సీఆర్‌పీసీ 125వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చునని 10.07.2024న తీర్పు వెలువడింది. దానికి మూడు గుర్తులున్నాయి: క్రిమినల్ అప్పీల్ నంబరు 2842, దానికి మూలమైన స్పెషల్ లీవ్ పిటిషన్ నంబరు 1614, తీర్పును ఉదహరించేందుకు వాడే 2024 INSC 506. మూడింటిలోనూ సంవత్సరం 2024 కనుక, నంబరు ఒక్కటే రాస్తే చాలదు. కేసు రకం, నంబరు, సంవత్సరం మూడింటినీ ఒకే పంక్తిలో రాయాలి.

తేదీ పక్కన అది దేని తేదీయో కూడా ఉండాలి. ఈ కేసులోనే నెలకు 20,000 రూపాయల మధ్యంతర మనోవర్తిని హైకోర్టు 13.12.2023న 10,000కు తగ్గించింది. ఆ తేదీని తీర్పు తేదీగా రాస్తే అప్పీలు గడువు లెక్కే తప్పుతుంది.

ఇక పేరాల సంగతి. ఈ తీర్పు చివరి నిర్ణయాలకు అక్షరాల వరుస ఉంది. ముస్లిం చట్టం ప్రకారం విడాకులు పొందిన స్త్రీ 125వ సెక్షన్‌నుగానీ, 1986 చట్టాన్నిగానీ, రెండింటినీగానీ ఆశ్రయించవచ్చునన్న మాట c) కింద ii) లో ఉంది. కంప్యూటర్ తనంతట తాను వరుస సంఖ్యలు వేస్తే అది మరో సంఖ్యగా మారిపోతుంది. అందుచేత ఆటో నంబరింగ్‌ను ఆపివేసి, పేరా సంఖ్యను చేతితోనే టైపు చేయాలి. ఫొటోలోని పుట 14వ పేరా మధ్యలో మొదలైతే, దానికి 1 అని వేయరాదు. "ముందు పుట నుండి కొనసాగింపు" అని రాయాలి.

125వ సెక్షన్ స్థానంలో 01.07.2024 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. అయినా ఉత్తర్వులో 125 అని ఉంటే 125 అనే రాయండి. సవరించే అధికారం మనకు లేదు.

మసకగా ఉన్న అంకె 3యో 8యో తేలకపోతే ఊహించకండి, ఆ చోట [?] ఉంచి, మరో ఫొటో అడగండి. పని ముగిశాక ఒకరు ఫొటోను చూస్తూ అంకెలను విడివిడిగా చదవాలి, మరొకరు ప్రతిలో సరిచూడాలి. ఆపై ఈ-కోర్ట్స్‌లో ఆ నంబరుతో వెతికి, కక్షిదారుల పేర్లు కలుస్తున్నవో లేదో చూడండి.

మన ప్రతి చదువుకునేందుకే. కోర్టులో దాఖలుకు ధ్రువీకృత నకలు కావలసిందే.